ఆప్షన్ కోట్స్‌ను లైవ్‌లో పట్టి దాచుకోవడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: వెబ్‌సాకెట్ కనెక్ట్ అయి ఉంటే డేటా వస్తున్నట్టే.

నన్ను ఎక్కువగా దెబ్బతీసింది ఈ నమ్మకమే. ఒకసారి 40 కాంట్రాక్టుల కోట్స్ రికార్డు చేస్తున్నాను. ఎర్రర్ ఏదీ రాలేదు, ప్రోగ్రామ్ ఆగలేదు. సాయంత్రం ఇంప్లైడ్ వోలటిలిటీ లెక్క వేస్తే, 1000 స్ట్రైక్ దగ్గర కాల్‌ది పైకి, పుట్‌ది కిందికి పోయి కనిపించాయి. ఒకే స్ట్రైక్, ఒకే ఎక్స్‌పైరీ అయితే రెండూ దాదాపు ఒకేలా ఉండాలి. మార్కెట్‌లో ఏదో జరిగిందనుకుని గంటసేపు వెతికాను.

జరిగింది వేరు. అసలు షేరు ధర ఇంకో కనెక్షన్ మీద వస్తోంది, అది 1000 నుంచి 994కి దిగింది. ఆప్షన్ కోట్స్ మాత్రం 11 నిమిషాలుగా ఒక్కటీ రాలేదు. నా కోడ్ పాత కోట్‌నే ముందుకు లాగి ఖాళీలు నింపేసింది. షేరు పడ్డా కాల్ ధర తగ్గకపోతే, ఫార్ములా దాన్ని వోలటిలిటీ పెరిగినట్టుగా చూపిస్తుంది. పుట్‌కి ఇదే తిరగబడుతుంది.

పింగ్‌కి పాంగ్ వస్తే లైన్ బతికి ఉందని మాత్రమే అర్థం, సబ్‌స్క్రిప్షన్ గురించి అది ఏమీ చెప్పదు. అందుకే చివరి కోట్ ఎప్పుడు వచ్చిందో నేను విడిగా చూస్తాను. దూరపు స్ట్రైక్ ఒకటి నిమిషాల తరబడి కదలకపోవడం మామూలే. మార్కెట్ వేళల్లో 40 కాంట్రాక్టులూ కలిసి 10 సెకన్లు మౌనంగా ఉంటే మాత్రం కనెక్షన్ తెంచి, మళ్లీ కలిపి, సబ్‌స్క్రిప్షన్ కొత్తగా పంపాలి. ఆ ఖాళీ మొదలు, చివర రెండూ ఒక టేబుల్‌లో రాసిపెట్టాలి:

```sql
CREATE TABLE gaps (start_ms INTEGER, end_ms INTEGER);
```

విశ్లేషణలో ఆ మధ్య సమయాన్ని నింపకుండా వదిలేయాలి. పోయిన కోట్స్‌ను సర్వర్ సాధారణంగా మళ్లీ పంపదు.

అపోహ: ఎస్‌క్యూలైట్ ఇంత వేగాన్ని తట్టుకోలేదు.

చాలాసార్లు తప్పు కమిట్ చేసే తీరులో ఉంటుంది. ఒక్కో కోట్‌కి ఒక్కో కమిట్ చేస్తే, ప్రతిసారీ డిస్క్ దాకా వెళ్లి రావాలి. కోట్స్ అందుకునే భాగం వాటిని క్యూలో వేసి వెంటనే తిరిగి రావాలి. ఇంకో థ్రెడ్ సెకనుకోసారి క్యూ ఖాళీ చేసి, అన్నిటినీ ఒకే ట్రాన్సాక్షన్‌లో రాయాలి.

```sql
PRAGMA journal_mode=WAL;
PRAGMA synchronous=NORMAL;
```

ఈ సెట్టింగ్‌తో కరెంటు పోతే చివరి కొన్ని కమిట్‌లు పోవచ్చు, కానీ ఫైల్ పాడవదు. కోట్స్ విషయంలో ఆ నష్టం నాకు సమ్మతమే. క్యూ పొడవును మాత్రం గమనిస్తూ ఉండాలి. అది పెరుగుతూనే ఉంటే రాత వెనకబడుతోందన్నమాట.

అపోహ: చివరి ట్రేడ్ ధర దాస్తే చాలు.

చాలదు. కదలిక తక్కువున్న ఆప్షన్‌లో ఆ ట్రేడ్ పొద్దున ఎప్పుడో జరిగి ఉండొచ్చు. బిడ్, ఆస్క్, వాటి పరిమాణాలు, ఎక్స్‌ఛేంజ్ ఇచ్చిన సమయం, మన దగ్గరికి చేరిన సమయం అన్నీ దాచాలి. ఈ రెండు సమయాల మధ్య తేడా పెరుగుతూ పోతే, మన దగ్గరున్నది పాత కోట్ అని అక్కడే తెలిసిపోతుంది.