డిపాజిట్ రద్దు చేయాలా, దాని మీద లోన్ తీసుకోవాలా: కొన్ని అపోహలు, వాస్తవాలు

బ్యాంకులో డిపాజిట్ల విభాగంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. అవసరం వచ్చి ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు పట్టుకుని వచ్చేవారిలో ఎక్కువమంది ముందే ఒక నిర్ణయానికి వచ్చి ఉంటారు. కొందరు వడ్డీ కట్టడం ఇష్టం లేక రద్దు చేయమంటారు, మరికొందరు లోన్ ఎప్పుడూ మేలని ఎవరో చెప్పగా విని లోన్ కావాలంటారు. ఈ రెండు నిర్ణయాలూ ఒక్కోసారి సరైనవే అవుతాయి. అయితే ఏది సరైనదో తేల్చే రెండు మూడు అంకెలను అడిగి తెలుసుకున్న తర్వాత కౌంటర్ దగ్గరికి వచ్చేవారు చాలా తక్కువ.

అపోహ: గడువుకు ముందే రద్దు చేస్తే పోయేది ఒక్క శాతం పెనాల్టీ మాత్రమే.

ఆ మధ్య ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. ఆయన 5,00,000 రూపాయలను రెండేళ్లకు 7 శాతం వడ్డీకి డిపాజిట్ చేసి, మూడు నెలలకోసారి 8,750 రూపాయల వడ్డీని సేవింగ్స్ ఖాతాలో అందుకుంటున్నారు. అప్పటికి 20 నెలలు గడిచాయి. మనవరాలి కాలేజీ ఫీజుకు 3,00,000 రూపాయలు కావాలి, మరో మూడు నెలల్లో ఆయన బీమా పాలసీ డబ్బు రావలసి ఉంది. రద్దు ఫారం నింపి, సంతకం కూడా చేసి తెచ్చారు.

డిపాజిట్‌ను నిజంగా రద్దు చేయకుండానే, చేస్తే ఎంత చేతికి వస్తుందో చూపించే ఏర్పాటు మా సిస్టమ్‌లో ఉంటుంది. దాన్ని ట్రయల్ క్లోజర్ అంటాం. అందులో చూస్తే ఆయనకు వచ్చేది 4,93,333 రూపాయలని తేలింది, పన్ను సంగతి అందులో కలపకుండానే. మాస్టారు కళ్లజోడు సరిచేసుకుని స్క్రీన్ వైపు రెండుసార్లు చూశారు. "వేసింది ఐదు లక్షలు కదండీ, అసలు కూడా తగ్గుతుందా?" అని అడిగారు.

తగ్గుతుంది. ఎందుకంటే రద్దు చేసినప్పుడు బ్యాంకు మొదట చేసే పని పెనాల్టీ వేయడం కాదు, వడ్డీ రేటునే మార్చడం. రెండేళ్లకు ఒప్పుకున్న 7 శాతం రెండేళ్లు ఉంచినవారికే వర్తిస్తుంది. డిపాజిట్ 20 నెలలే ఉంది కాబట్టి, దాన్ని వేసిన రోజున 20 నెలల కాలానికి బ్యాంకు ప్రకటించిన రేటు ఎంతో చూస్తారు. మాస్టారు డిపాజిట్ వేసిన రోజున అది 6.5 శాతం. పెనాల్టీ ఒక శాతాన్ని దాని నుంచి తీసేస్తారు. మిగిలేది 5.5 శాతం. అంతేకాక, ఈ రేటు రద్దు చేసిన రోజు నుంచి కాకుండా డిపాజిట్ వేసిన మొదటి రోజు నుంచే వర్తిస్తుంది.

ఆ లెక్కన 20 నెలలకు ఆయనకు రావలసిన వడ్డీ 45,833 రూపాయలు. ఆరు త్రైమాసికాల్లో ఆయన ఇప్పటికే అందుకున్నది 52,500 రూపాయలు. ఎక్కువగా వెళ్లిన 6,667 రూపాయలను బ్యాంకు అసలు నుంచి మినహాయించుకుంటుంది. పాత రేటు ప్రకారమే లెక్కగడితే 20 నెలలకు 58,333 రూపాయలు రావాలి కనుక, రద్దు వల్ల జరిగే అసలు నష్టం 12,500 రూపాయలు. వడ్డీని మధ్యలో తీసుకోకుండా అసలులో కలుపుకునే డిపాజిట్లలోనూ నష్టం ఇలాగే ఉంటుంది, కాకపోతే చేతికి వచ్చే మొత్తం అసలు కంటే ఎక్కువే ఉండటం వల్ల ఎవరికీ కనబడదు. కనబడని నష్టం గురించి ఎవరూ అడగరు, అందుకే ఈ అపోహ ఇంతకాలం నిలిచింది.

పెనాల్టీ ఎంతన్నది బ్యాంకును బట్టి, డిపాజిట్ మొత్తాన్ని బట్టి మారుతుంది. చాలా చోట్ల అర శాతం నుంచి ఒక శాతం వరకు ఉంటుంది. అందువల్ల "పెనాల్టీ ఎంత?" అని అడిగితే సరిపోదు. "ఈ రోజు రద్దు చేస్తే నాకు ఏ రేటు కట్టి, ఎంత ఇస్తారు?" అని అడిగి, ఆ అంకెను కాగితం మీద రాయించుకోవాలి.

అపోహ: నా డబ్బు మీద నేనే 8 శాతం వడ్డీ కట్టడం దండగ.

డిపాజిట్ మీద లోన్‌కు సాధారణంగా డిపాజిట్ రేటు కంటే ఒకటి లేదా రెండు శాతం ఎక్కువ వసూలు చేస్తారు. మాస్టారి విషయంలో అది 8 శాతం. 3,00,000 రూపాయలకు నెలకు 2,000 చొప్పున మూడు నెలలకు 6,000 రూపాయలు వడ్డీ అవుతుంది. ఆయన మనసులో మెదులుతున్నది ఆ 6,000 మాత్రమే. అయితే లోన్ తీసుకున్నంత మాత్రాన డిపాజిట్ ఆగిపోదు. అదే 3,00,000 డిపాజిట్‌లో ఉండి 7 శాతం చొప్పున ఆ మూడు నెలల్లో 5,250 రూపాయలు సంపాదిస్తుంది. కాబట్టి పన్నును పక్కన పెట్టి చూస్తే లోన్ వల్ల ఆయన జేబులోంచి నిజంగా పోయేది 750 రూపాయలు. రద్దు వల్ల పోయే 12,500 పక్కన ఈ 750 పెట్టి చూపించాక ఆయన నింపి తెచ్చిన ఫారాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

దీన్ని ఓవర్‌డ్రాఫ్ట్‌గా తీసుకోవడం ఇంకా మంచిది. అందులో మంజూరైన మొత్తానికి కాకుండా వాడుకున్న మొత్తానికే, వాడుకున్న రోజులకే వడ్డీ పడుతుంది. చేతికి కొంత డబ్బు రాగానే ఖాతాలో జమ చేస్తే ఆ రోజు నుంచే వడ్డీ తగ్గుతుంది. నిర్ణీత వాయిదాల లోన్‌గా ఇచ్చేచోట ఈ సౌలభ్యం ఉండకపోవచ్చు కనుక, ఏ రూపంలో ఇస్తున్నారో అడిగి తెలుసుకోవడం అవసరం.

అపోహ: అయితే ఎప్పుడైనా లోనే మేలు.

ఇది మొదటి రెండింటికంటే మర్యాదగా కనిపించే అపోహ. సలహా ఇచ్చేవారు కూడా దీన్నే వల్లిస్తుంటారు కనుక దీని దగ్గర కాస్త ఆగాలి.

రద్దు నష్టం గడిచిపోయిన కాలాన్ని బట్టి పెరుగుతుంది, ఎందుకంటే తగ్గిన రేటు వెనక్కి వెళ్లి మొదటి రోజు నుంచి వర్తిస్తుంది. లోన్ ఖర్చు రాబోయే కాలాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి డిపాజిట్ పాతదై, అవసరం కొద్ది నెలలదైతే లోన్ మేలు. డిపాజిట్ కొత్తదై, డబ్బు తిరిగి సర్దుబాటు కావడానికి ఏడాదికి పైగా పట్టేటట్టయితే లెక్క తిరగబడుతుంది.

అదే 5,00,000 రూపాయల డిపాజిట్‌ను వేసి రెండు నెలలే అయిందనుకుందాం. కావలసింది 4,50,000, తిరిగి కట్టగలిగేది 14 నెలల తర్వాత. రెండు నెలల కాలానికి ప్రకటించిన రేటు 5 శాతమైతే, పెనాల్టీ పోను 4 శాతం వస్తుంది. ఒప్పుకున్న 7 శాతంతో పోలిస్తే తేడా 3 శాతం. అయినా ఆ తేడా రెండు నెలలకే కాబట్టి నష్టం సుమారు 2,500 రూపాయలు. లోన్ తీసుకుంటే 4,50,000 మీద ఒక శాతం తేడా 14 నెలలకు 5,250 రూపాయలవుతుంది. లోన్ రేటు రెండు శాతం ఎక్కువైతే ఇది 10,500. ఇక్కడ రద్దు చేయడమే మేలు.

దీనికి పన్ను కూడా తోడవుతుంది. డిపాజిట్ మీద వచ్చే వడ్డీ మొత్తం మీ ఆదాయంలో కలుస్తుంది. ఇంటి ఖర్చు కోసం తీసుకున్న లోన్ వడ్డీని అందులోంచి మినహాయించుకోవడానికి సాధారణంగా వీలుండదు. 30 శాతం స్లాబులో ఉన్నవారికి, సెస్సు వదిలేసినా, 7 శాతం వడ్డీలో చేతికి మిగిలేది 4.9 శాతమే. లోన్‌కు మాత్రం పూర్తిగా 8 శాతం కట్టాలి. పైకి ఒక శాతంగా కనిపించిన తేడా వారికి 3.1 శాతం. మాస్టారు ఆ స్లాబులో ఉండి ఉంటే లోన్ ఖర్చు 750 కాకుండా 2,325 రూపాయలు అయ్యేది. రద్దు నష్టం కూడా పన్ను పోగా 8,750కి తగ్గేది. అప్పటికీ ఆయనకు లోనే మేలు. కానీ రెండో ఉదాహరణలో ఈ పన్ను తేడా లోన్‌ను మరింత భారం చేస్తుంది. పన్ను పడనంత ఆదాయం ఉన్నవారు మొదటి లెక్కనే నమ్ముకోవచ్చు.

అపోహ: ఏ డిపాజిట్ మీదైనా లోన్ ఇస్తారు.

పన్ను మినహాయింపు కోసం ఐదేళ్లకు వేసే డిపాజిట్ మీద లోన్ ఇవ్వరు, గడువుకు ముందు దాన్ని రద్దు చేయడానికీ కుదరదు. అత్యవసరానికి పనికొస్తుందని అనుకునే సొమ్మును అందులో ఉంచకూడదు. ఇద్దరి పేర్ల మీద ఉన్న డిపాజిట్‌కు, రసీదు మీద ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చని రాసి ఉన్నా, లోన్ కాగితాల మీద ఇద్దరి సంతకాలూ అడుగుతారు. రెండో వ్యక్తి ఊళ్లో లేని రోజున ఈ సంగతి తెలిస్తే చాలా ఇబ్బంది అవుతుంది.

అపోహ: లోన్ కట్టకపోయినా ఫర్వాలేదు, మెచ్యూరిటీలో వారే సర్దుకుంటారు.

సర్దుకుంటారన్నది నిజమే. కానీ అంతవరకు వడ్డీ నెల నెలా లోన్ బాకీలో కలిసి, ఆ మొత్తం మీద మళ్లీ వడ్డీ పడుతుంది. మాస్టారి డిపాజిట్ వంటి వాటిలో వడ్డీ ఎప్పటికప్పుడు సేవింగ్స్ ఖాతాకు వెళ్లిపోతుంది కాబట్టి డిపాజిట్ పెరగకుండా అలాగే ఉంటుంది, బాకీ మాత్రం పెరుగుతూ పోతుంది. మొదట్లోనే డిపాజిట్‌లో 90 శాతం దాకా తీసుకున్నవారి బాకీ డిపాజిట్ విలువకు దగ్గరైతే, బ్యాంకు ముందుగా కబురు చేసి, అప్పటికీ కట్టకపోతే డిపాజిట్‌ను రద్దు చేసి బాకీకి జమ చేసుకోగలదు. అప్పుడు లోన్ వడ్డీతో పాటు, తప్పించుకున్నామనుకున్న రద్దు నష్టం కూడా మీద పడుతుంది. అందుకే త్రైమాసిక వడ్డీ సేవింగ్స్ ఖాతాలో పడిన రోజునే దాన్ని లోన్ ఖాతాకు మళ్లించమని మాస్టారికి చెప్పాను.

బాకీ మొత్తం కట్టేశాక కూడా ఒక పని మిగిలి ఉంటుంది. లోన్ ఇచ్చిన రోజున డిపాజిట్ మీద లీన్ అని ఒక గుర్తు పెడతాం. అది ఉన్నంతవరకు ఆ డిపాజిట్‌ను కదపడానికి వీలుండదు. ఓవర్‌డ్రాఫ్ట్ బాకీ సున్నా అయినంత మాత్రాన ఆ గుర్తు దానంతటదే పోదు, ఎందుకంటే ఖాతా తెరిచి ఉన్నంతవరకు మీరు మళ్లీ వాడుకోవచ్చు. ఖాతా మూసేయమని రాసి ఇచ్చి, లీన్ తీసేశారని నిర్ధారించుకుని, బ్యాంకు తన దగ్గర ఉంచుకున్న డిపాజిట్ రసీదును వెనక్కి తీసుకోవాలి. బీమా డబ్బు వచ్చిన మూడో రోజున మాస్టారు వచ్చి బాకీ కట్టేశారు. రసీదు చేతికి అందాక, వెనక్కి తిప్పి, దాని మీద వేసిన లీన్ ముద్రను మేము కొట్టివేసి సంతకం చేశామో లేదో చూసుకున్న తర్వాతే లేచి వెళ్లారు.