తగర మండలి చేతులెత్తేసిన రోజు: అంతర్జాతీయ సంస్థ అప్పుకు సభ్యదేశాలు పూచీపడాలా?

1985 అక్టోబరు 24న, తగరం ధరను హద్దుల్లో ఉంచడానికి ప్రభుత్వాలు కలిసి పెట్టుకున్న అంతర్జాతీయ తగర మండలి తరఫున కొనుగోళ్లు చూసే అధికారి, ఇక తగరం కొనడానికి తన దగ్గర డబ్బు లేదని లండన్ మెటల్ ఎక్స్ఛేంజికి తెలియజేశారు. ఆ రోజే అక్కడ తగరం వ్యాపారం ఆగిపోయింది. మళ్లీ మొదలు కావడానికి 1989 దాకా పట్టింది. బ్యాంకులకూ లోహ బ్రోకర్లకూ మండలి చెల్లించాల్సిన మొత్తం దాదాపు 90 కోట్ల పౌండ్లని అప్పట్లో అంచనా వేశారు. మండలిలో బ్రిటన్, జపాన్, పశ్చిమ జర్మనీ, మలేసియా, భారత్ సహా 23 దేశాలతో పాటు యూరోపియన్ ఆర్థిక సమాజం కూడా సభ్యురాలు. ఇంతమంది ప్రభుత్వాలు వెనకున్న సంస్థ అప్పు ఎగవేయడం ఎలా సాధ్యమని బ్రోకర్లు ఆశ్చర్యపోయారు. అప్పు మండలిది, మాది కాదు అన్నది ప్రభుత్వాల జవాబు. ఆ జవాబు చట్టప్రకారం నిలబడుతుందా లేదా అన్నది నాలుగేళ్ల పాటు లండన్ కోర్టుల్లో నలిగింది, ఇవాళ్టికీ పూర్తిగా తేలలేదు.

అంతర్జాతీయ సంస్థకు దాని సభ్యదేశాల నుంచి వేరైన చట్టబద్ధ వ్యక్తిత్వం ఉంటుందన్న సూత్రం స్థిరపడింది పూర్తిగా వేరే సందర్భంలో. 1948 సెప్టెంబరు 17న జెరూసలేంలో ఐక్యరాజ్యసమితి మధ్యవర్తి ఫోల్కె బెర్నడాట్‌ను హత్య చేశారు. తన ప్రతినిధి హత్యకు సమితి స్వయంగా ఇజ్రాయెల్‌ను పరిహారం అడగవచ్చా, లేక ఆ హక్కు ఆయన స్వదేశమైన స్వీడన్‌దేనా అన్న సందేహం వచ్చింది. సమితి చార్టరులోని 104వ అధికరణ సభ్యదేశాల భూభాగంలో సమితికి చట్టపరమైన సామర్థ్యం ఉంటుందని చెబుతుందే తప్ప, అంతర్జాతీయ రంగంలో దానికి వ్యక్తిత్వం ఉందని ఎక్కడా నేరుగా చెప్పదు. పైగా ఇజ్రాయెల్ అప్పటికి సమితి సభ్యదేశం కూడా కాదు. 1949 ఏప్రిల్ 11న అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన సలహా అభిప్రాయంలో, సమితికి అప్పగించిన పనులు జరగాలంటే దానికి సొంత వ్యక్తిత్వం ఉండి తీరాలని, దాన్ని సృష్టించింది ప్రపంచ దేశాల్లో అత్యధిక భాగం కాబట్టి ఆ వ్యక్తిత్వాన్ని సభ్యులు కాని దేశాలు కూడా గుర్తించాల్సిందేనని తేల్చింది. సంస్థ ఒక దేశంతో సమానమని గానీ, దేశాలను మించిన మహారాజ్యమని గానీ దీనర్థం కాదని కూడా జాగ్రత్తపడి చెప్పింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 1949లో సమితి హక్కులు అడిగే పక్షాన నిలబడింది. దానికి వ్యక్తిత్వం ఇవ్వడం వల్ల బాధితుల పక్షాన ఇంకో గొంతు చేరిందే తప్ప ఎవరి హక్కూ తగ్గలేదు. అదే వ్యక్తిత్వం బాకీ పడ్డ సంస్థకు ఉన్నప్పుడు, దాని వెనక నిలబడిన వాళ్లు తప్పుకోవడానికి వీలిస్తుందా అన్న ప్రశ్న ఆ రోజు న్యాయమూర్తుల ముందుకు రాలేదు. అది ముందుకు రావడానికి తగరం ధర పడిపోవాల్సి వచ్చింది.

మండలి పని వినడానికి సులువే. ఆరో అంతర్జాతీయ తగర ఒడంబడిక ప్రకారం ధరకు ఒక కింది హద్దు, ఒక పై హద్దు ఉండేవి. ధర కింది హద్దు వైపు జారితే మండలి కొని నిల్వ చేయాలి, పై హద్దు వైపు ఎగబాకితే ఆ నిల్వలోంచి అమ్మాలి. 30,000 టన్నుల నిల్వకు సభ్యదేశాలు చందా ఇచ్చేవి. ఆపైన 20,000 టన్నుల దాకా అప్పు తెచ్చి కొనుక్కోవచ్చు. అమెరికా, బొలీవియా ఆరో ఒడంబడికలో చేరలేదు. ఒడంబడికకు బయటే ఉన్న బ్రెజిల్ ఉత్పత్తి పెంచుకుంటూ పోయింది. అదీ కాక హద్దుల్ని మలేసియా రింగిట్లలో నిర్ణయించారు, వ్యాపారం మాత్రం లండన్‌లో పౌండ్లలో జరిగేది. 1985లో పౌండు బలపడడంతో, కొని పెట్టుకున్న సరుకుకు పౌండ్లలో విలువ తరుగుతూ వచ్చింది. పడుతున్న ధరను నిలబెట్టడానికి మండలి భవిష్యత్ కొనుగోళ్ల ఒప్పందాల మీద ఒప్పందాలు చేసుకుంటూ పోయింది. ధర పెరుగుతుందన్న నమ్మకం మీదే నడిచిన ఈ వరస, కొత్త అప్పు పుట్టని రోజున ఆగిపోయింది.

అప్పులిచ్చినవాళ్లు ముందు మండలి మీదికే వెళ్లారు. అంతర్జాతీయ సంస్థ మీద దావా అనగానే మొదట అడ్డొచ్చేది దానికి కోర్టుల నుంచి ఉండే రక్షణ. మన దగ్గర పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లినవాళ్లకూ 2003లో దారి మూసుకుపోయింది. ఉద్యోగం పోయినవాళ్లు వేసిన కేసులో ఆ సంస్థ మీద రిట్ చెల్లదని కోర్టు చెప్పింది. తగర మండలి విషయంలో మాత్రం ఈ అడ్డుగోడకు ఒక సందు ఉంది. 1972 నాటి బ్రిటిష్ ఉత్తర్వు మండలికి రక్షణ ఇస్తూనే, మధ్యవర్తిత్వ తీర్పును అమలు చేయించుకునే విషయంలో ఆ రక్షణ వర్తించదంది. ఆ దారిలోనే మాక్లెయిన్ వాట్సన్ అనే బ్రోకరు సంస్థ దాదాపు 60 లక్షల పౌండ్లకు తీర్పు తెచ్చుకుంది. తీర్పు చేతికొచ్చింది గానీ, వసూలు చేయడానికి మండలి ఖజానాలో ఏమీ లేదు. కంపెనీని మూసేసినట్టే మండలిని కూడా మూసి ఆస్తులు పంచాలని కోరితే, అంతర్జాతీయ సంస్థ కంపెనీల చట్టం కిందికి రాదని 1987లో న్యాయమూర్తి మిల్లెట్ కొట్టేశారు. సభ్యదేశాల నుంచి డబ్బు రాబట్టడానికి రిసీవర్‌ను నియమించాలన్న అభ్యర్థనదీ అదే గతి.

అప్పుడు దావాలు నేరుగా సభ్యదేశాల మీదికి తిరిగాయి. రుణదాతల వాదనలు ప్రధానంగా మూడు. మండలికి ఇంగ్లీషు చట్టంలో వేరే అస్తిత్వం లేదు, ఆ పేరుతో వ్యాపారం చేసింది సభ్యదేశాలే అన్నది మొదటిది. వేరే అస్తిత్వం ఉన్నా సరే, దాని అప్పుకు సభ్యులు పూచీ కాదని ఒడంబడికలో రాసి ఉంటే తప్ప అంతర్జాతీయ న్యాయం ప్రకారం సభ్యులు పూచీపడాల్సిందే అన్నది రెండోది. మండలి సభ్యదేశాల ఏజెంటుగా ఒప్పందాలు చేసుకుందన్నది మూడోది.

వీటిలో అసలు బరువున్నది రెండోదే. ఎందుకంటే, సభ్యుల పూచీని తోసిపుచ్చే వాక్యం రాయడం దేశాలకు తెలియని విద్య కాదు. ప్రపంచ బ్యాంకు కుటుంబంలోని అంతర్జాతీయ అభివృద్ధి సంఘం ఒప్పంద పత్రంలో, సంఘం బాధ్యతలకు కేవలం సభ్యత్వం కారణంగా ఏ సభ్యదేశమూ పూచీ కాదని 1960లోనే స్పష్టంగా రాసుకున్నారు. తగర ఒడంబడికలో మండలికి చట్టబద్ధ వ్యక్తిత్వం ఉంటుందనీ, ఒప్పందాలు చేసుకోవచ్చనీ, ఆస్తి కొనవచ్చనీ, దావా వేయవచ్చనీ ఉంది. అప్పు ఎవరిదన్న సంగతి మాత్రం లేదు. ఈ మౌనాన్ని ఎవరికి అనుకూలంగా చదవాలన్నదే తగాదా. 1988లో అప్పీలు కోర్టులో ముగ్గురిలో ఇద్దరు దేశాల పక్షాన తీర్పిచ్చారు. మూడో న్యాయమూర్తి నౌర్స్ మాత్రం, వ్యక్తిత్వం ఉన్నంత మాత్రాన సభ్యుల పూచీ దానంతటదే తొలగిపోదని, మండలి అప్పుకు సభ్యదేశాలు కూడా బాధ్యులేనని విడిగా రాశారు. నా దృష్టిలో ఆ విడి అభిప్రాయం చాలామంది ఒప్పుకున్న దానికన్నా బలమైనది. లిమిటెడ్ కంపెనీలో సభ్యుల పూచీకి హద్దు ఉండడం వ్యక్తిత్వం సహజంగా తెచ్చిపెట్టే ఫలితం కాదు. శాసనం ప్రత్యేకంగా ఇచ్చిన వెసులుబాటు, దాన్ని పేరులోనే ప్రకటించాలన్న షరతుతో సహా.

1989 అక్టోబరు 26న, అప్పట్లో బ్రిటన్‌లో చివరి అప్పీళ్లు వినే హౌస్ ఆఫ్ లార్డ్స్ ఏకగ్రీవంగా దేశాల పక్షానే నిలిచింది. 1972 ఉత్తర్వు మండలికి కార్పొరేట్ సంస్థకుండే సామర్థ్యాలు ఇచ్చింది కాబట్టి ఇంగ్లీషు చట్టంలో అది వేరే వ్యక్తి. ఒప్పందం చేసుకున్నది ఆ వ్యక్తే కాబట్టి అప్పు కూడా ఆ వ్యక్తిదే. ఇక ఒడంబడిక సంగతి చూస్తే, పార్లమెంటు చట్టంగా మార్చనంత వరకు ఏ ఒడంబడిక నుంచీ ఇంగ్లీషు కోర్టులు హక్కులు పుట్టించలేవు. అంతర్జాతీయ న్యాయంలో సభ్యుల పూచీని స్థాపించే సూత్రం ఉందని ఎవరూ రుజువు చేయలేదని లార్డ్ టెంపుల్‌మన్, లార్డ్ ఆలివర్ చెప్పారు. రుణదాతలకు అన్యాయం జరిగిందన్న సానుభూతి లార్డ్ గ్రిఫిత్స్ మాటల్లో కనిపిస్తుంది. అయినా దానికి మందు దౌత్యంలో ఉందే గానీ కోర్టులో లేదన్నారు. ఆ మందు 1990లో దొరికింది: రుణదాతలకు 18.25 కోట్ల పౌండ్లు, అంటే మొదటి అంచనాలో సుమారు ఐదో వంతు, ఇచ్చేందుకు రాజీ కుదిరింది. చట్టప్రకారం ఒక్క పౌండు కూడా బాకీ లేదని గెలిచినవాళ్లు రాజీకి రావడం గమనించదగ్గది.

అన్ని చోట్లా ఇదే దారి నడవలేదు. ఈజిప్టు, సౌదీ అరేబియా, ఖతార్, యూఏఈ కలిసి 1975లో పెట్టిన అరబ్ పారిశ్రామికీకరణ సంస్థతో బ్రిటిష్ హెలికాప్టర్ కంపెనీ వెస్ట్‌లాండ్‌కు తగాదా వచ్చింది. నాలుగు దేశాలూ సంస్థ బాధ్యతలకు పూచీయేనని 1984లో మధ్యవర్తిత్వ మండలి ప్రకటించింది. సభ్యుల పూచీ లేదని స్పష్టంగా రాయలేదన్నదీ, సంస్థతో వ్యవహరించినవాళ్లు ఆ దేశాల అండ నమ్ముకుని ముందుకొచ్చారన్నదీ దాని తర్కం. స్విట్జర్లాండ్ కోర్టులు ఈజిప్టు విషయంలో ఆ నిర్ణయాన్ని కొట్టివేశాయి. కొత్త ఒడంబడికలు రాసేవాళ్లు కోర్టుల కోసం ఎదురుచూడలేదు. 1986 నాటి కోకో ఒడంబడికలోనూ, 1987 నాటి రబ్బరు ఒడంబడికలోనూ సభ్యుల బాధ్యత చందాలకే పరిమితమన్న వాక్యం చేరిపోయింది.

ఇంతవరకూ చూసింది ఒప్పందం కింద బాకీ. సంస్థ అంతర్జాతీయ న్యాయాన్నే ఉల్లంఘించి ఎవరికైనా నష్టం చేస్తే సభ్యుల మాటేమిటన్నది దీనికి పక్కనే ఉన్న వేరే ప్రశ్న. దాన్ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ కమిషన్ 2002లో చేపట్టి, ఇటలీకి చెందిన జార్జియో గాయా నివేదికల ఆధారంగా 2011లో 67 అధికరణలు ఆమోదించింది. తగర మండలి తీర్పులు ఆ చర్చలో అడుగడుగునా వినిపించాయి. కేవలం సభ్యత్వం వల్ల బాధ్యత రాదన్నది అందులోనూ మూలసూత్రమే. మినహాయింపులు కొన్నే. సంస్థ తప్పుకు దేశం తెలిసీ తోడ్పడినా, దాన్ని తన చెప్పుచేతల్లో ఉంచుకుని నడిపించినా బాధ్యత ఉంటుంది. తానే చేస్తే తప్పయ్యే పనిని, బాధ్యత తప్పించుకోవడానికి సంస్థ చేత చేయించినా అంతే, అని 61వ అధికరణ చెబుతుంది. 62వది, బాధితుడి ఎదుట దేశం బాధ్యతను ఒప్పుకున్నా, తన బాధ్యతను నమ్ముకునేలా బాధితుణ్ణి నడిపించినా సంస్థ తరవాత తానూ పూచీపడాలంటుంది. వెస్ట్‌లాండ్ వాదన ఈ చివరి మాటలోనే బతికింది. అయితే ఇలాంటి నమ్మకం కలగడానికి కేవలం సభ్యత్వం సరిపోదు కాబట్టి, మండలి వెనక ప్రభుత్వాలున్నాయన్న భరోసా తప్ప వేరే ఆధారం చూపలేని లండన్ బ్రోకరుకు ఇందులో ఊరట దొరకదు.

మిగిలింది ఖాళీ ఖజానా సమస్య. తప్పు చేసిన సంస్థ దగ్గర డబ్బు లేకపోతే సభ్యులు దానికి ఇవ్వాలా అని కమిషన్ దేశాలనే అడిగింది. స్పందించినవాటిలో అత్యధికం అలాంటి బాధ్యత లేదన్నాయి. చివరికి 40వ అధికరణలో, సంస్థ పరిహారం చెల్లించగలిగేలా సభ్యులు తగిన చర్యలు తీసుకోవాలని ఉంది గానీ, సంస్థ సొంత నియమాలు కోరే చర్యలు మాత్రమే అన్న షరతు పక్కనే ఉంది. నియమాల్లో ఏమీ లేకపోతే బాధితుడికి ఒరిగేదేమీ లేదు. ఈ అధికరణలు కూడా ఇంకా ఒడంబడిక కాలేదు. 2011 డిసెంబరు 9న సర్వప్రతినిధి సభ వాటిని గమనంలోకి తీసుకుంటున్నట్టు తీర్మానించి, దేశాల, సంస్థల దృష్టికి తెచ్చింది. వాటికి చివరకు ఏ రూపమివ్వాలన్న విషయాన్ని ముందుముందు చూద్దామని వదిలేసింది.