పుస్తకం రాసే ప్లాన్: తేదీ ముందా, గంటలు ముందా? (అపోహలు - వాస్తవాలు)

ఉద్యోగమో చదువో చూసుకుంటూ, మిగిలిన వేళల్లో పుస్తకం రాయాలనుకునేవాళ్ల కోసం ఇది. ఉదాహరణకి 12 అధ్యాయాలు, మొత్తం 40,000 పదాల పుస్తకం తీసుకుందాం. నవల కాదు, మీకు బాగా తెలిసిన విషయాన్ని వివరించే పుస్తకం. ఏదైనా విద్య నేర్చుకునేవాళ్లకి కూడా ఈ లెక్క చాలావరకు పనికొస్తుంది. పనికిరాని చోట అక్కడే చెబుతాం.

అపోహ: ముందు తేదీ పెట్టేసుకుంటే సమయం దానంతట అదే దొరుకుతుంది

"ఆరు నెలల్లో రాసేస్తాను" అనేవాళ్లని ఆ ఆరు నెలలు ఎలా లెక్కకట్టారని అడిగితే, చాలామంది దగ్గర జవాబు ఉండదు. అన్నీ సవ్యంగా జరిగితే ఎంతకాలం పడుతుందో మనసు ఊహిస్తుంది, ఆ ఊహనే మనం గడువుగా రాసుకుంటాం. డేనియల్ కానమన్, అమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో దీనికి ప్లానింగ్ ఫాలసీ అని పేరు పెట్టారు. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే పరిశోధకులు, థీసిస్ రాస్తున్న విద్యార్థులని ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగారు. వాళ్లు చెప్పిన సగటు సుమారు 34 రోజులు. నిజంగా పట్టింది 55 రోజుల పైనే. ఏదీ కలిసిరాకపోతే ఎన్నాళ్లు పడుతుందని అడిగినప్పుడు కూడా వాళ్లు చెప్పిన సగటు 49 రోజుల లోపే. అంటే వాళ్లు ఊహించిన గడ్డు పరిస్థితి కూడా వాస్తవం కంటే తేలికగానే ఉంది.

అందుకని తేదీ వేసుకునే ముందు రెండు వారాలు కొలత తీసుకోండి. బాగా తెలిసిన ఒక అధ్యాయం ఎంచుకుని, అందులో ఏం రావాలో పది పదిహేను పంక్తుల్లో రాసి పెట్టుకోండి. వారానికి నాలుగు బ్లాకులు, ఒక్కోటి 90 నిమిషాలు, క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. ప్రతి బ్లాకు తర్వాత రెండే విషయాలు నోట్ చేయాలి: కూర్చున్నారా లేదా, ఎన్ని పదాలు వచ్చాయి.

రెండు వారాల్లో అనుకున్నవి ఎనిమిది బ్లాకులు, నిజంగా కూర్చున్నవి ఆరు అనుకుందాం. వాటిలో వచ్చిన పదాలు 520, 310, 610, 400, 380, 540. మొత్తం 2,760. అంటే బ్లాకుకి సగటున 460, వారానికి 1,380. ఇక్కడ 610ని పట్టుకుని లెక్క వేయాలని చెయ్యి లాగుతుంది. వేయకండి, ఆ రోజు ప్రతి వారం రాదు. 40,000ని 1,380తో భాగిస్తే 29 వారాలు. ఇది చిత్తుప్రతికి మాత్రమే.

దీనికి ముందు, అధ్యాయానికి ఒక బ్లాకు చొప్పున నిర్మాణం వేసుకోవడానికి 12 బ్లాకులు, అధ్యాయాల వరుస కుదర్చడానికి మూడు, వెరసి 15 బ్లాకులు, నిజంగా జరిగే మూడు చొప్పున ఐదు వారాలు. చిత్తుప్రతి అయ్యాక దిద్దుబాటుకి అధ్యాయానికి రెండు బ్లాకులు వేస్తే ఎనిమిది వారాలు. దిద్దేముందు మొత్తం ఒకసారి చదవడానికి ఒక వారం, చివరి చదువుకి ఇంకో వారం కలిపితే పది. జ్వరాలు, ప్రయాణాలు, ఆఫీసులో ఊపిరాడని రోజులు తప్పవు కాబట్టి, చిత్తుప్రతి రాసే కాలంలో ప్రతి ఐదు వారాలకి ఒక వారం ఖాళీగా వదలాలి. అవి ఆరు. 5, 29, 6, 10 కలిపితే 50 వారాలు. ఆరు నెలలనుకున్నది ఏడాది అయింది.

ఏడాది మరీ ఎక్కువనిపిస్తే కదిలించగల మీటలు రెండున్నాయి. 12 అధ్యాయాలని తొమ్మిది చేస్తే సుమారు 30,000 పదాలు, 22 వారాల రాత. లేదా అధ్యాయాలు అలాగే ఉంచి వారానికి మరో బ్లాకు రాస్తే వారానికి 1,840 పదాలు, అదీ 22 వారాలే. అయితే నాలుగు పెట్టుకుంటే మూడు జరుగుతున్నాయని కొలతే చెప్పింది కదా. నిజంగా నాలుగు జరగాలంటే క్యాలెండర్‌లో ఐదో ఆరో పెట్టుకోవాలి. అంత చోటు లేనివాళ్లు అధ్యాయాలు తగ్గించుకోవడమే నిజాయితీ గల పని అని మా అభిప్రాయం.

అపోహ: ఎప్పుడో గంటన్నర కూర్చోవడం కంటే రోజూ అరగంట మేలు

ఏ పనికి అన్నదాన్ని బట్టి ఉంటుంది. కొత్త భాషలో మాటలు గుర్తుపెట్టుకోవడం, వాయిద్యం మీద వేళ్లు తిప్పడం లాంటివాటికి రోజూ కొంచెం చేయడమే మంచిది. మధ్యలో ఎడం ఇచ్చి మళ్లీ గుర్తు చేసుకుంటేనే జ్ఞాపకం గట్టిపడుతుంది. ఇలాంటి వాటికి 20, 30 నిమిషాల బ్లాకులు చాలు.

పుస్తకం రాత వేరు. కూర్చున్న ప్రతిసారీ నిన్న ఎక్కడ ఆపామో చదువుకోవాలి, వాదన ఎటు పోతోందో గుర్తు తెచ్చుకోవాలి, కావలసిన కాగితం వెతకాలి. దీనికి ఎంత కాదన్నా పావుగంట పోతుంది. అరగంట చొప్పున ఆరు రోజులు కూర్చుంటే మూడు గంటలు, అందులో రాతకి మిగిలేది గంటన్నర. అదే మూడు గంటలని రెండు 90 నిమిషాల బ్లాకులుగా చేస్తే రాతకి రెండున్నర గంటలు మిగులుతాయి.

ఆ పావుగంటని తగ్గించుకోవచ్చు కూడా. బ్లాకులో చివరి ఐదు నిమిషాలు రాయడం ఆపేసి, తర్వాత ఏం రాయాలో రెండు మూడు పంక్తుల్లో పెట్టండి. "ఇక్కడ రెండో కారణం, దానికి ఉదాహరణ, తర్వాత మొదటి అభ్యంతరానికి జవాబు" అన్నంత వివరంగా ఉండాలి. "అధ్యాయం కొనసాగించాలి" అని రాస్తే ఉపయోగం లేదు.

అరగంటలే దొరికేవాళ్లు వాటిని వదులుకోనక్కర్లేదు. మూలాలు సరిచూడటం, పేర్ల స్పెల్లింగులు చూసుకోవడం, నిర్మాణంలో పంక్తులు అటూ ఇటూ జరపడం లాంటి పనులు వాటిలో పెట్టి, పెద్ద బ్లాకులని రాతకే ఉంచుకోండి.

అపోహ: మైలురాయి అంటే 25 శాతం, 50 శాతం

శాతాలతో మనల్ని మనమే మోసం చేసుకోవచ్చు. సగం అధ్యాయాలు సగం సగం రాసి ఉన్నా "50 శాతం అయింది" అనవచ్చు, కానీ ఇంకొకరి చేతికి ఇవ్వగలిగినది ఒక్కటీ ఉండదు. మైలురాయి దగ్గర చూపించగలిగిన వస్తువు ఉండాలి. "మూడో అధ్యాయం మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి దాకా రాసి, ఫలానా మిత్రుడికి పంపాను" అన్నది మైలురాయి. "మూడో అధ్యాయం దాదాపు అయింది" అన్నది కాదు. నేర్చుకునేవాళ్లకైతే "ఈ పాటని నిమిషానికి 80 బీట్ల వేగంతో ఆగకుండా వాయించి రికార్డు చేశాను" అన్నట్టు ఉండాలి.

రెండు మైలురాళ్ల మధ్య నాలుగు నుంచి ఆరు వారాల ఎడం బాగుంటుంది. మన ఉదాహరణలో వారానికి 1,380 పదాలు కాబట్టి, ఐదు వారాల్లో రెండు అధ్యాయాలు వస్తాయి. అలా ఆరు మైలురాళ్లు, ఒక్కోదాని వెనక ఒక ఖాళీ వారం. మొదటి మైలురాయిలో తేలిక అధ్యాయం ఒకటి, అన్నిటికంటే కష్టమైనది ఒకటి పెట్టండి. కష్టమైన అధ్యాయానికి సమాచారం చాలదని ఐదో వారంలో తెలిస్తే పుస్తకం రూపం మార్చుకోవచ్చు. 25వ వారంలో తెలిస్తే రాసినవాటిలో సగం తిరగరాయాలి.

అపోహ: ఒక వారం తప్పితే పై వారం రెట్టింపు చేయాలి

మూడు బ్లాకులే కుదిరే వారంలో ఆరు ఎక్కడినుంచి వస్తాయి? నాలుగు జరిగి రెండు మిగులుతాయి, ఆ బాకీ మళ్లీ పై వారం మీద పడుతుంది. నెల తిరిగేసరికి క్యాలెండర్ చూడాలంటేనే బెరుకు పుడుతుంది. తప్పిన బ్లాకు తప్పినట్టే, దాన్ని మోయకండి. వారం మొత్తం పోతే ఖాళీ వారాన్ని వాడుకోండి, అది పెట్టింది అందుకే. అలవాట్ల మీద ఫిలిప్పా లాలీ బృందం లండన్‌లో చేసిన అధ్యయనంలో కూడా, ఒక్క రోజు తప్పినందువల్ల అలవాటు కుదురుకోవడం చెప్పుకోదగ్గంతగా దెబ్బతినలేదని తేలింది.

అపోహ: ప్లాన్ వెనకబడితే మరింత పట్టుదలగా పనిచేయాలి

ముందు ఎందుకు వెనకబడిందో చూడాలి. పది వారాల రాత తర్వాత 13,800 పదాలు ఉండాల్సిన చోట 11,000 ఉన్నాయనుకుందాం. ఈ అంకె ఇద్దరు రచయితల దగ్గర ఒకేలా ఉండి, కారణం వేరుగా ఉండవచ్చు. ఒకరు 24 బ్లాకులు కూర్చున్నారు, బ్లాకుకి 460 పదాల దాకా రాశారు. ఇంకొకరు 30కి 30 కూర్చున్నారు, కానీ బ్లాకుకి 367 పదాలే వచ్చాయి.

మొదటివారికి రాత బాగానే ఉంది, బ్లాకులు పెట్టిన వేళలే బాగాలేవు. తప్పిన ఆరూ ఏ రోజువో చూస్తే, ఎక్కువభాగం ఒకే రోజు, ఒకే వేళ కనబడుతుంటాయి, పని ఆలస్యమయ్యే ఒక సాయంత్రం లాగ. ఆ బ్లాకుని ఇంకో రోజు ఉదయానికి మార్చడమే మందు.

రెండోవారిని మరో గంట కూర్చోమంటే ఉపయోగం లేదు. ఇలాంటప్పుడు సాధారణంగా రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, రాసే వేళలోనే సమాచారం వెతుక్కోవడం. అలాగైతే వారంలో ఒక బ్లాకుని పూర్తిగా సేకరణకి కేటాయించి, రాసే బ్లాకులో తెలియని చోట "సంవత్సరం చూడాలి" అని గుర్తు పెట్టి ముందుకు పోవాలి. రెండోది, రాసిన పేరాని వెంటనే దిద్దడం. బ్లాకు మొదట్లో ఎన్ని పదాలు, చివర ఎన్ని పదాలు అని చూసి, బ్లాకు అంతా కష్టపడినా తేడా వందలోపే ఉంటే కారణం ఇదే కావచ్చు. దిద్దుబాటుకి పది వారాలు విడిగా ఉన్నాయి కాబట్టి, ఇప్పుడు దిద్దిన వాక్యం అప్పుడు ఎగిరిపోయినా పోవచ్చు.

కారణం సరిదిద్దినా వేగం ఉన్నట్టుండి పెరగదు, కాబట్టి మిగిలినదాన్ని కొత్త వేగంతోనే లెక్కించండి. 29,000 పదాలు, వారానికి 1,100 చొప్పున 27 వారాలు. మొదటి లెక్క ప్రకారం మిగిలింది 19, అంటే తేడా ఎనిమిది. ఆరు ఖాళీ వారాల్లో రెండు అయిపోయి నాలుగు మిగిలాయనుకుంటే, ఇంకా నాలుగు వారాలు లోటు. చివరి తేదీని నాలుగు వారాలు జరపండి, లేదా రెండు అధ్యాయాలు తీసేయండి. రెండు అధ్యాయాలంటే 6,600 పదాలు, ఆరు వారాలు. లోటు తీరి రెండు ఖాళీ వారాలు చేతిలో ఉంటాయి. తీసేసే అధ్యాయాలని ఇంకా మొదలుపెట్టనివాటిలోంచే ఎంచుకోండి.