'బీన్' ఎక్కడ జారిపోతోంది? పర్ఫెక్ట్ టెన్స్ పాసివ్ గురించి అపోహలు - వాస్తవాలు

పదో తరగతి పిల్లలకు ఇంగ్లిష్ గ్రామర్ చెబుతాను. వాయిస్ మార్చమంటే సింపుల్ పాస్ట్ వరకు చకచకా చేసేస్తారు. పర్ఫెక్ట్ టెన్స్ రాగానే పెన్ను ఆగిపోతుంది. పేపర్లు దిద్దుతుంటే మళ్లీ మళ్లీ అవే తప్పులు.

అపోహ: క్రియ అప్పటికే వి3లో ఉంది, సబ్జెక్టునూ ఆబ్జెక్టునూ అటూఇటూ మారిస్తే సరిపోతుంది.

"ద వర్కర్స్ హావ్ కంప్లీటెడ్ ద బ్రిడ్జ్" అని ఇస్తే ఒకబ్బాయి "ద బ్రిడ్జ్ హావ్ కంప్లీటెడ్ బై ద వర్కర్స్" అని రాశాడు. చదివితే బ్రిడ్జే దేన్నో పూర్తి చేసినట్టుంది! పాసివ్ కావాలంటే 'బి' రూపం ఒకటి రావాలి. హావ్ తర్వాత వచ్చేది వి3 కాబట్టి ఆ 'బి' కాస్తా 'బీన్' అవుతుంది. కంప్లీటెడ్ ఉన్నచోటే ఉంటుంది. ఇక వర్కర్స్ చాలామంది, బ్రిడ్జ్ ఒక్కటే. అందుకే హావ్ పోయి హాజ్ వస్తుంది: "ద బ్రిడ్జ్ హాజ్ బీన్ కంప్లీటెడ్ బై ద వర్కర్స్."

ముందు కొత్త సబ్జెక్టు రాయించి, ఒకటా ఎక్కువా అని అడిగి, ఆ తర్వాతే హాజో హావో పెట్టిస్తాను. 'హాడ్'కి ఈ గొడవ లేదు. పిల్లలకు అదంటే ఇష్టం అందుకే.

అపోహ: వాక్యంలో ఎన్ని క్రియలుంటే అన్నీ మార్చాలి.

"థీవ్స్ హాడ్ స్టోలెన్ ద జువెల్స్ బిఫోర్ ద పోలీస్ అరైవ్డ్." దీన్ని మార్చమంటే మొదటి సగం చక్కగా రాసి, రెండో సగంలో "ద పోలీస్ హాడ్ బీన్ అరైవ్డ్" అని చేరుస్తారు. అరైవ్‌కి ఆబ్జెక్టే లేదు, పాసివ్ ఎక్కడినుంచి వస్తుంది? జవాబు: "ద జువెల్స్ హాడ్ బీన్ స్టోలెన్ బిఫోర్ ద పోలీస్ అరైవ్డ్." దొంగతనం చేసేది దొంగలే కాబట్టి 'బై థీవ్స్' లేకపోయినా లోటు లేదు.

ఇక్కడే ఇంకో తప్పు, దానికి కారణం మన తెలుగే. 'వర్ స్టోలెన్' అన్నా 'హాడ్ బీన్ స్టోలెన్' అన్నా మనకు 'దొంగిలించబడ్డాయి' అనే వస్తుంది. అసలు మాట్లాడేటప్పుడు అదీ అనం, 'నగలు పోయాయి' అంటాం. తెలుగులో అనుకుని రాసేవాళ్లు 'వర్ స్టోలెన్' రాసేస్తారు. మామూలుగా రాసుకునేటప్పుడు 'బిఫోర్' ఉంది కాబట్టి అదీ చెల్లుతుంది. వాయిస్ మార్చమన్న ప్రశ్నలో మాత్రం టెన్స్ మారకూడదు, మార్కు పోతుంది.

అపోహ: 'బీన్' కనబడితే అది పాసివే.

'బీన్' పక్కన ఏముందో చూడాలి. "షి హాజ్ బీన్ సెలెక్టింగ్ ద టీమ్" అంటే జట్టును ఆమే ఎంపిక చేస్తోంది, ఇది యాక్టివ్. "షి హాజ్ బీన్ సెలెక్టెడ్" అంటే ఆమె ఎంపికైంది. మొదటిదాన్ని పాసివ్ చేయమని అడిగిన పేపరు నేనైతే చూడలేదు; 'హాజ్ బీన్ బీయింగ్ సెలెక్టెడ్' అని ఇంగ్లిష్‌వాళ్లు కూడా ఎప్పుడోగాని అనరు.