మచ్చలు పడ్డ అరటిపండులో క్యాలరీలు ఎక్కువా?

మొన్న బండి మీద కొన్న డజను చిన్న ఎలాచీ అరటిపళ్లలో నాలుగు బాగా మగ్గిపోయాయి. పారేయడం ఇష్టంలేక పై అంతస్తులో ఉండే అక్కకి రెండు ఇవ్వబోతే ఆవిడ చేయి వెనక్కి తీసుకుంది. "మచ్చలు పడ్డవి నాకొద్దమ్మా, బరువు తగ్గమన్నారు డాక్టరు. పండేకొద్దీ క్యాలరీలు పెరుగుతాయట కదా. దోరవి ఉంటే ఇవ్వు" అంది. దోరవి రెండు ఇచ్చాను. అవి పెద్ద పచ్చ అరటి పళ్లు, జానెడు దాటి ఉన్నాయి. పరిమాణం గురించి ఆవిడా అడగలేదు, అప్పటికి నాకూ తోచలేదు.

ఈ నమ్మకం గాల్లోంచి పుట్టింది కాదు. దీని వెనక వందేళ్లు దాటిన లెక్కల చరిత్ర ఉంది. అందులో ఒక ముఖ్యమైన భాగం మన హైదరాబాద్ తార్నాకలోనే ఉంది.

తిండిని క్యాలరీల్లో కొలిచే పద్ధతిని స్థిరపరిచింది అమెరికా రసాయన శాస్త్రవేత్త విల్బర్ అట్వాటర్. 1890లలో ఆయన ఆహార పదార్థాలను కాల్చి, వచ్చే వేడిని కొలిచారు. అందులోంచి మల మూత్రాల్లో పోయే శక్తిని తీసేశారు. అలా వచ్చిన సగటు లెక్కే ఇప్పటికీ ప్యాకెట్ల వెనక కనిపిస్తోంది: గ్రాము పిండి పదార్థానికి 4, ప్రోటీన్‌కి 4, కొవ్వుకి 9 క్యాలరీలు. అరటిపండులో కొవ్వు, ప్రోటీన్ నామమాత్రం. కాబట్టి దాని క్యాలరీలంటే దాదాపుగా పిండి పదార్థపు క్యాలరీలే. ఆ పిండి పదార్థాన్ని కూడా పాత పట్టికల్లో నేరుగా కొలవలేదు. వంద గ్రాముల గుజ్జులోంచి నీరు, ప్రోటీన్, కొవ్వు, కాల్చాక మిగిలే బూడిద వంటివి తీసేస్తే మిగిలిందే పిండి పదార్థం అనుకున్నారు. అది స్టార్చ్‌గా ఉందా, చక్కెరగా ఉందా అనేది ఈ లెక్కకి పట్టదు. దీన్ని గుర్తు పెట్టుకోండి, మళ్లీ అవసరం వస్తుంది.

మన దేశంలో ఆ పని తమిళనాడులోని కూనూరులో మొదలైంది. అక్కడి పోషకాహార పరిశోధనశాల నుంచి 1937లో దాని డైరెక్టర్ అయ్‌క్రాయిడ్ భారతీయ ఆహారాల పోషక విలువల పట్టిక తెచ్చారు. ఆ సంస్థే 1958లో హైదరాబాద్‌కి వచ్చింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ పాత పట్టికను అక్కడి శాస్త్రవేత్త గోపాలన్, ఆయన సహచరులు పెంచి వేసిన పుస్తకమే దశాబ్దాల పాటు మన డైటీషియన్లకు ఆధారం. అందులో అరటిపండుకి వంద గ్రాములకు 116 క్యాలరీలు, పచ్చి అరటికాయకి 64 అని ఉంటుంది.

అక్క నమ్మకానికి ఇలాంటి చోటే బలం దొరుకుతుంది. పక్కపక్కన పెట్టి చదివితే కాయ పండయ్యేసరికి క్యాలరీలు దాదాపు రెట్టింపు అయ్యాయనే అనిపిస్తుంది. కానీ అవి ఒకే కాయకి రెండు దశలు కావు. 64 అనేది కూరకి వాడే అరటికాయ లెక్క. ఆ నమూనాలో నీరే 83 శాతం. పండు నమూనాలో నీరు 70 శాతం. తేడా అంతా ఆ నీటిదే, మగ్గడానిది కాదు. 2017లో ఇదే సంస్థ తెచ్చిన కొత్త పట్టికలో రోబస్టా, పూవన్, ఎర్ర అరటి, మొంథన్ అని రకాలను విడివిడిగా ఇచ్చారు. నా దృష్టిలో పాత పట్టికకి ఇది చాలా అవసరమైన సవరణ.

ఇక పరిమాణం సంగతి. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో అరటిపండుకి వంద గ్రాములకు 89 క్యాలరీలు. ఆరు ఏడు అంగుళాల చిన్న పండులో గుజ్జు 101 గ్రాములు, 90 క్యాలరీలు. ఎనిమిది తొమ్మిది అంగుళాల పెద్ద పండులో గుజ్జు 136 గ్రాములు, 121 క్యాలరీలు. అక్కడ మార్కెట్లో దొరికేది దాదాపు ఒకే రకం కాబట్టి అంగుళాలతో పని జరిగిపోతుంది. మన బండి మీద అలా కాదు. చిటికెన వేలికంటే కాస్త పొడుగుండే ఎలాచీ అరటి, దాని పక్కనే జానెడు పచ్చ అరటి ఉంటాయి. రెండూ డజను లెక్కే.

అందుకే వంటింటి త్రాసు మీద రెండూ తూచాను. పచ్చ అరటి తొక్కతో 186 గ్రాములు, వలిచాక 121. ఎలాచీ తొక్కతో 58, వలిచాక 44. వంద గ్రాములకు 89 చొప్పున వేస్తే మొదటిది 108 క్యాలరీలు, రెండోది 39. మన పాత పట్టిక ప్రకారం 116 చొప్పున వేస్తే మొదటిది 140, రెండోది 51. ఒకే పండుకి పట్టిక మారితే 32 క్యాలరీల తేడా వచ్చింది. అమెరికా చిన్న పండుకీ పెద్ద పండుకీ మధ్య ఉన్న తేడా కూడా 31 మాత్రమే. ఫోన్లోని యాప్ చూపించే అంకె ఏ పట్టికలోంచి వచ్చిందో తెలియకుండా ఐదు పది క్యాలరీల గురించి టెన్షన్ పడటం అనవసరం. దీనికంటే పెద్ద పొరపాటు ఇంకోటుంది: తొక్కతో తూచి ఆ బరువునే యాప్‌లో ఎక్కించడం. నా పచ్చ అరటి 186 గ్రాములని రాస్తే 166 క్యాలరీలు చూపిస్తుంది, ఉన్నది 108 అయితే.

మగ్గినప్పుడు లోపల జరిగేది వేరే పని. బాగా పచ్చిగా ఉన్న కాయ గుజ్జులో వంద గ్రాములకు సుమారు 20 గ్రాముల స్టార్చ్ ఉంటుంది. పండేసరికి అందులో దాదాపు అంతా చక్కెరగా విడిపోతుంది. విడిపోయేటప్పుడు ప్రతి ముక్కా కాస్త నీటిని కలుపుకుంటుంది, కాబట్టి 20 గ్రాముల స్టార్చ్ సుమారు 22 గ్రాముల చక్కెర అవుతుంది. బరువు పెరిగింది కదా, క్యాలరీలు కూడా పెరగాలిగా అనిపిస్తుంది. పెరగవు. స్టార్చ్ గ్రాముకు 4.2 క్యాలరీల దాకా ఇస్తే, గ్లూకోజ్ 3.75 మాత్రమే ఇస్తుంది. ఇరవైని 4.2తో, ఇరవై రెండుని 3.75తో గుణించి చూడండి, రెండు వైపులా ఇంచుమించు అదే అంకె. పైగా పండు ఊపిరి పీలుస్తుంది, అందుకు తన చక్కెరనే కొంచెం ఖర్చు చేసుకుంటుంది. తొక్కలోని నీరు గుజ్జులోకి వస్తుంది. అందువల్ల మచ్చలు పడ్డ పండు గుజ్జులో వంద గ్రాములకు క్యాలరీలు ఉంటే అంతే ఉంటాయి, లేదా ఓ పిసరు తగ్గుతాయి.

అయితే అట్వాటర్ లెక్కకి అందనిది ఒకటుంది. 1980లలో కేంబ్రిడ్జ్‌లో ఇంగ్లిస్ట్, కమింగ్స్ అనే పరిశోధకులు, పెద్ద పేగు తీసేసిన మనుషులకు అరటిపండు పెట్టి, చిన్న పేగు దాటి బయటికి ఏం వస్తోందో చూశారు. పండు ఎంత పచ్చిగా ఉంటే అంత స్టార్చ్ అరక్కుండా బయటికి వచ్చింది. మామూలు మనిషిలో ఆ స్టార్చ్ పెద్ద పేగులో పులిసి, గ్రాముకు 4 బదులు సుమారు 2 క్యాలరీలే ఇస్తుంది. అంటే దోర పండులో ఇంకా 5 గ్రాముల అరగని స్టార్చ్ మిగిలి ఉంటే, శరీరానికి చేరేది ఓ పది క్యాలరీలు తక్కువ. కూర చేసుకుంటే ఈ తగ్గింపు చాలా వరకు పోతుంది, ఉడికితే ఆ స్టార్చ్ అరుగుతుంది.

కాబట్టి అక్క చెప్పినదాంట్లో పది క్యాలరీల మేర నిజం ఉంది. షుగర్ ఉన్నవాళ్లకైతే దోర పండు మంచిదనే మాటకి వేరే కారణం ఉంది: మగ్గిన పండులోని చక్కెర రక్తంలోకి త్వరగా చేరుతుంది. అది వేగం లెక్క, క్యాలరీల లెక్క కాదు. అక్కకి షుగర్ లేదు, బరువే సమస్య. ఆ రోజు నేనిచ్చిన రెండు దోర పచ్చ అరటి పళ్లు 216 క్యాలరీలు. దోరవి కాబట్టి ఇరవై తీసేసినా 196. మగ్గిపోయిన ఎలాచీవి రెండు ఇచ్చి ఉంటే, ఎక్కువ చూపించే పట్టికతో వేసినా 102.