ఒకరికి 6.5, ఇంకొకరికి 8: షుగర్ టార్గెట్ మనిషిని బట్టి మారడం వెనుక కథ

2008 ఫిబ్రవరిలో అమెరికా, కెనడాల్లో నడుస్తున్న ఒక పెద్ద డయాబెటిస్ ట్రయల్‌లో ముఖ్యమైన భాగాన్ని గడువు కంటే ముందే ఆపేశారు. దాని పేరు అకార్డ్. టైప్ 2 షుగర్ ఉన్న 10,251 మందిని అందులో రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మూడు నెలల సరాసరి చెప్పే పరీక్ష, అంటే హెచ్‌బీఏ1సీ, 6 శాతం కంటే కిందికి తేవాలన్నది టార్గెట్. రెండో గుంపుకు 7 నుంచి 7.9 మధ్య ఉంటే చాలు. సుమారు మూడున్నరేళ్లు గడిచేసరికి మొదటి గుంపులో 257 మంది, రెండో గుంపులో 203 మంది చనిపోయారు. షుగర్‌ను ఎక్కువగా తగ్గించిన వైపే మరణాలు ఎక్కువగా ఉండటంతో, ఆ గుంపులోని వాళ్లందరినీ రెండో గుంపు వైద్యానికే మార్చారు.

ఈ రోజు డాక్టరు ఒకరికి 6.5కి తేవాలంటూ, ఇంకొకరికి 8 దాకా ఫర్వాలేదంటే, దాని వెనుక చాలా వరకు ఉన్నది ఈ సంఘటనే. అది ఎందుకంత షాక్ ఇచ్చిందో తెలియాలంటే ఇంకో పదిహేనేళ్లు వెనక్కి వెళ్లాలి.

షుగర్ అదుపులో ఉంటే కళ్లు, కిడ్నీలు, నరాలు నిజంగా నిలబడతాయా అన్నది 1993 వరకు వాదనగానే ఉండేది. ఆ ఏడాది డీసీసీటీ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. టైప్ 1 షుగర్ ఉన్న 1,441 మంది అందులో ఉన్నారు. సరాసరి 9 దగ్గర ఉన్నవాళ్లతో పోలిస్తే 7 దగ్గరికి వచ్చినవాళ్లకు కంటి రెటీనా దెబ్బతినడం బాగా తగ్గింది. అప్పటికి రెటీనా బాగున్నవాళ్లలోనైతే ఆ ముప్పు 76 శాతం తగ్గింది. దీంతో వాదన ముగిసింది. అయితే అదే ట్రయల్‌లో ఇంకో అంకె కూడా ఉంది. పక్కవాళ్లు వచ్చి ఆదుకోవాల్సినంతగా షుగర్ పడిపోవడం, గట్టిగా అదుపు చేసిన గుంపులో మూడు రెట్లు ఎక్కువ. ఈ రెండో సంగతికి మొదటి దానికి వచ్చినంత ప్రచారం రాలేదు.

1998లో బ్రిటన్ నుంచి యూకేపీడీఎస్ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. ఇది టైప్ 2 కొత్తగా బయటపడినవాళ్ల మీద జరిగింది. పదేళ్ల పాటు ఒక గుంపు సరాసరి 7 దగ్గర, ఇంకో గుంపు 7.9 దగ్గర ఉన్నాయి. సన్నటి రక్తనాళాలకు వచ్చే జబ్బులు మొదటి గుంపులో 25 శాతం తగ్గాయి. ట్రయల్ అయిపోయాక రెండు గుంపుల అంకెలూ దాదాపు ఒకటైపోయినా, మరో పదేళ్లకు చూస్తే మొదట్లో బాగా అదుపులో ఉన్నవాళ్లకు గుండెపోట్లు, మరణాలు కూడా తక్కువగా కనిపించాయి. మొదటి ఏళ్లలో పడిన కష్టం ఎప్పటికో ఫలించిందన్నమాట.

డీసీసీటీ, యూకేపీడీఎస్ తొలి ఫలితాలు చూసిన వైద్యలోకం ఎంత తగ్గిస్తే అంత మంచిదనుకుంది. 7కి తెస్తే ఇంత మేలు జరిగితే, ఆరోగ్యవంతుల మాదిరిగా 6 లోపుకి తెస్తే గుండె కూడా నిలబడుతుందేమో అన్న ఆశతోనే అకార్డ్ మొదలైంది.

అయితే అకార్డ్‌లో చేరినవాళ్లు కొత్త పేషెంట్లు కాదు. సగటు వయసు 62. షుగర్ వచ్చి సుమారు పదేళ్లు. మూడో వంతు మందికి పైగా అప్పటికే గుండె లేదా రక్తనాళాల జబ్బు చవిచూశారు. ఇలాంటివాళ్లను ఏడాది లోపే 6.4కి దించారు. దానికి చాలామందికి రెండు మూడు రకాల మాత్రలు, వాటిమీద ఇన్సులిన్ పడ్డాయి. ఆ గుంపులో నాలుగో వంతు మందికి పైగా పది కిలోలకు మించి బరువు పెరిగారు. షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం మూడు రెట్లయింది.

మరణాలకు అసలు కారణం ఏమిటో ఇప్పటికీ ఒక్క మాటలో చెప్పలేం. షుగర్ పడిపోవడమే అందరినీ చంపిందని లెక్కలు తేల్చలేదు. తర్వాత జరిగిన విశ్లేషణలో ఇంకో సంగతి బయటపడింది. గట్టి టార్గెట్ పెట్టిన గుంపులో సరాసరి సులువుగా దిగినవాళ్లకు కాదు, ఎన్ని మందులు వేసినా దిగకుండా పైనే ఉండిపోయినవాళ్లకే ముప్పు ఎక్కువ. అంటే అంకె మీద పట్టుదలతో మందు మీద మందు పెంచుకుంటూ పోయిన చోట నష్టం కనిపించింది. అదే సమయంలో నడిచిన అడ్వాన్స్ అనే ట్రయల్‌లో నిదానంగా 6.5కి తెచ్చారు. అక్కడ మరణాలు పెరగలేదు, కిడ్నీలకు మేలు కూడా జరిగింది. ఎంతకి దించారన్నదొక్కటే కాదు, ఎవరికి, ఎంత వేగంగా, ఏ మందులతో దించారన్నది కూడా లెక్కలోకి వస్తుందని నా అభిప్రాయం. ఈ రెండు ట్రయల్స్ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమయ్యేది ఇదే.

2012లో అమెరికా, యూరప్ డయాబెటిస్ సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒకే అంకె స్థానంలో కొన్ని ప్రశ్నలు వచ్చాయి. షుగర్ వచ్చి ఎన్నేళ్లయింది, ఇంకా ఎన్నేళ్ల జీవితం ఉండొచ్చు, గుండె, కిడ్నీల పరిస్థితేమిటి, షుగర్ పడిపోయే ముప్పెంత, ఇంట్లో చూసుకునేవాళ్లున్నారా, అసలు పేషెంటుకు ఎంత వరకు ఇష్టం, ఓపిక ఉన్నాయి. చాలామంది వయోజనులకు 7 లోపు అన్నది ఇప్పటికీ మొదటి మెట్టే. దాని నుంచి కిందికి వెళ్లాలా, పైకి జరగాలా అన్నది ఈ ప్రశ్నలు తేలుస్తాయి.

ఇది డాక్టరు గదిలో ఎలా జరుగుతుందో చూడటానికి ఒక ఊహాత్మక కేసు తీసుకుందాం. ఒక పెద్దాయనకు 76 ఏళ్లు. షుగర్ వచ్చి పద్దెనిమిదేళ్లు. గుండెలో ఒక స్టెంట్. కిడ్నీ పనితీరు చెప్పే ఈజీఎఫ్ఆర్ 38కి పడిపోయింది. ఒక్కరే ఉంటారు. రోజూ గ్లిమిపిరైడ్ మాత్ర, రాత్రి ఇన్సులిన్, గుండెకు బీటా బ్లాకర్ మాత్ర వాడతారు. హెచ్‌బీఏ1సీ 6.4 వచ్చింది. ల్యాబ్ కాగితం మీద ఏ హెచ్చరికా లేదు, ఇంట్లోవాళ్లు సంతోషించారు.

డాక్టరు మాత్రం ఇంట్లో మీటర్‌తో చూసిన అంకెల పుస్తకం అడిగారు. హెచ్‌బీఏ1సీ 6.4 అంటే మీటర్ లెక్కలో షుగర్ సగటున డెసిలీటరుకు 137 మిల్లీగ్రాములు అన్నమాట. పుస్తకంలో 137 దగ్గర ఉన్న అంకెలు తక్కువే. పరగడుపున 72, 66, 81, 63. రాత్రి భోజనం తర్వాత 210, 225. పైనున్నవీ కిందున్నవీ కలిసి సగటు అందంగా వచ్చింది. తెల్లవారుజామున ఒళ్లంతా చెమట పట్టి మెలకువ వస్తోందా, లేవగానే తలనొప్పి ఉంటోందా అని అడిగితే, రెండూ ఉన్నాయన్నారు. వయసు వల్ల అనుకున్నారట.

ఇక్కడ మూడు విషయాలు కలిశాయి. గ్లిమిపిరైడ్, రక్తంలో షుగర్ ఎంతున్నా పట్టించుకోకుండా ఇన్సులిన్‌ను బయటికి నెడుతుంది. కిడ్నీ మందగిస్తే ఆ మందూ, వేసుకున్న ఇన్సులిన్ కూడా ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతాయి. షుగర్ పడిపోతున్నప్పుడు హెచ్చరించే గుండెదడనూ వణుకునూ బీటా బ్లాకర్ కప్పేస్తుంది. చెమట మాత్రం పడుతుంది, కాబట్టి డాక్టరు దాని గురించే అడిగారు. ఇలాంటి మనిషికి ఒక్కరే ఉన్నప్పుడు షుగర్ 50కి పడిపోతే కింద పడి తుంటి ఎముక విరగొచ్చు, గుండె లయ తప్పొచ్చు. ఆ ప్రమాదం ఈ రాత్రే జరగొచ్చు. 6.4 వల్ల కళ్లకు, కిడ్నీలకు కలిగే మేలు కనిపించడానికి మాత్రం చాలా ఏళ్లు కావాలి.

డాక్టరు గ్లిమిపిరైడ్ ఆపేసి, ఇన్సులిన్ కొంత తగ్గించారు. కొత్త టార్గెట్ రాసిచ్చారు. పరగడుపున 90 నుంచి 150, పడుకోబోయే ముందు 100 నుంచి 180, మూడు నెలల సరాసరి 8 లోపు. మూడు నెలలకు 7.6 వచ్చింది. కాగితం మీద ఈసారి ఎర్ర గుర్తు పడింది.

“సర్, నాన్నగారికి షుగర్ పెరిగిపోయింది కదా,” అని కొడుకు కంగారుపడ్డారు.

“పెరిగింది. మనమే పెరగనిచ్చామండీ. పొద్దున్నే తలనొప్పి ఉందేమో నాన్నగారిని అడగండి,” అన్నారు డాక్టరు.

లేదన్నారు పెద్దాయన.

అదే 7.6 ముప్పై ఎనిమిదేళ్ల మహిళకు, షుగర్ బయటపడిన ఏడాదిలో, మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతుండగా వస్తే డాక్టరు మాట వేరుగా ఉంటుంది. ఆమె ముందు ఇంకా నలభై ఏళ్లున్నాయి. మెట్‌ఫార్మిన్ ఒంటరిగా షుగర్‌ను ప్రమాదకరంగా పడేయడం అరుదు. అంటే కిందికి దించితే నష్టం తక్కువ, లాభం పోగుపడటానికి కావలసినంత కాలముంది. యూకేపీడీఎస్ చెప్పింది ఇలాంటివాళ్ల గురించే. ఆమెకు 6.5 టార్గెట్ పెట్టడం సబబు. ఆమె గర్భవతి అయితే లెక్క మళ్లీ మారుతుంది. కడుపులో బిడ్డ కోసం పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు ఉంచాలని చూస్తారు.

టార్గెట్ ఏదైనా, దాన్ని కొలిచే పరీక్ష అందరికీ ఒకేలా నిజం చెప్పదు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుందన్న లెక్క మీదే హెచ్‌బీఏ1సీ ఆధారపడింది. కణాలు త్వరగా చనిపోయే జబ్బుల్లో, ఈ మధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్లలో, డయాలసిస్‌లో ఉంటూ రక్తం పెరగడానికి ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లలో అది ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఐరన్ లోపం వల్ల రక్తహీనత ఉంటే ఎక్కువ చూపించొచ్చు. పెద్దాయన విషయంలో డాక్టరు మీటర్ పుస్తకం అడగడానికి కిడ్నీ జబ్బు ఇంకో కారణం. ఇంట్లో చూసిన అంకెలకూ రిపోర్టుకూ పొంతన కుదరకపోతే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. అంతేగానీ రిపోర్టును చూసి మనమే మందు పెంచుకోకూడదు, తగ్గించుకోకూడదు.

చర్మం మీద అతికించుకునే సెన్సర్లు వచ్చాక సగటు దాచిపెట్టేది కళ్లకు కడుతోంది. 2019లో నిపుణులు అంతర్జాతీయంగా ఒక ఒప్పందానికి వచ్చారు. చాలామందికి రోజులో 70 శాతం సమయం, అంటే దాదాపు 17 గంటలు, షుగర్ 70 నుంచి 180 మధ్య ఉండాలి. 70 కంటే కింద గడిపే సమయం గంట దాటకూడదు. అదే వృద్ధులకూ, షుగర్ పడిపోయే ముప్పు ఎక్కువున్నవాళ్లకూ సగం రోజు ఆ పరిధిలో ఉంటే చాలన్నారు. 70 కంటే కింద మాత్రం పావుగంటకు మించకూడదన్నారు. పైన సడలించి కింద బిగించిన ఈ ఏర్పాటులో అకార్డ్ నేర్పింది నాకు స్పష్టంగా కనిపిస్తుంది.

అకార్డ్ జరిగిన నాటికీ ఇప్పటికీ మందులు కూడా మారాయి. తమంతట తాము షుగర్‌ను పడేయని రకాలు, గుండెకు, కిడ్నీకి విడిగా మేలు చేసే రకాలు వచ్చాయి. అందుకే టార్గెట్ మాట్లాడేటప్పుడు వయసుతో పాటు ఏ మందు వాడుతున్నామన్నది కూడా బల్ల మీదికి రావాలి. ఆ పెద్దాయనకే రేపు ఇన్సులిన్ అవసరం తగ్గి, అలాంటి మందుల మీదే 6.9 వచ్చి, మీటర్‌లో ఎక్కడా 90 కంటే దిగకపోతే, దాన్ని బలవంతంగా 7.5కి పెంచాల్సిన పని డాక్టరుకు ఉండదు.