రెండు లక్షల డోసుకు భయం, రోజూ పోసే టానిక్కుకు నమ్మకం: విటమిన్-ఎ గురించి అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో భవన నిర్మాణం జరిగే చోట్ల రేకుల షెడ్లలో కాపురముండే మన అనంతపురం, కదిరి వైపు కుటుంబాల పిల్లలను చూసే డాక్టరుగా, నేను తరచూ వినే మాటలు రెండున్నాయి. ఆరోగ్య కేంద్రంలో వేసే విటమిన్-ఎ డోసు రెండు లక్షల యూనిట్లట, పసిబిడ్డ తట్టుకోలేడు, వద్దు అన్నది మొదటిది. మందుల షాపులో కొన్న టానిక్కు బలానికే కాబట్టి ఎంత పోసినా నష్టం లేదు అన్నది రెండవది. చాలాసార్లు ఈ రెండూ ఒకే తల్లి నోట వస్తాయి. మొదటి భయం వల్ల బిడ్డకు అందవలసింది అందకుండా పోతుంది. రెండవ నమ్మకమే ఆ బిడ్డను నిజంగా ఆసుపత్రికి తెస్తుంది, అందుకే ఇక్కడ ఎక్కువగా దాని గురించే చెబుతాను.

రెండు లక్షలన్న అంకెను చూసి కంగారు పడటం సహజమే. కానీ విటమిన్-ఎ మాత్రం బి, సి విటమిన్లలా మూత్రంలో పోదు. కొవ్వులో కరిగి, కాలేయంలో నిల్వ ఉండి, శరీరం అడిగినప్పుడు కొద్దికొద్దిగా రక్తంలోకి విడుదలవుతుంది. ఆ నిల్వ గుణం మీద ఆధారపడే ఆరు నెలలకొకసారి డోసు ఇస్తున్నారు. రెండు లక్షల యూనిట్లంటే 60 మిల్లీగ్రాముల రెటినాల్, శరీరం నేరుగా వాడుకునే విటమిన్-ఎ రూపం అది. దానిని నూట ఎనభై రోజులకు పంచితే రోజుకు సుమారు 330 మైక్రోగ్రాములు వస్తుంది, అంటే రెండేళ్ల బిడ్డకు రోజుకు కావలసినదానికి దాదాపు సమానం. జాతీయ కార్యక్రమం ప్రకారం తొమ్మిది నెలలకు తట్టు టీకాతో పాటు 1 మి.లీ., అంటే లక్ష యూనిట్లు, ఆ తరువాత పదహారు నుండి పద్దెనిమిది నెలల మధ్య మొదలుపెట్టి ఐదేళ్లు నిండేవరకు ఆరు నెలలకొకసారి 2 మి.లీ. చొప్పున ఇస్తారు. మొత్తం తొమ్మిది డోసులు, 17 లక్షల యూనిట్లు. సీసాతో వచ్చే గీతల చెంచాతోనే కొలవాలి. మూతతోనో ఇంటి చెంచాతోనో పోస్తుంటే అక్కడే ఆపి అడగండి, ఆ అడగటంలో మొహమాటం అక్కరలేదు.

అదే నిల్వ గుణం రోజూ పోసే టానిక్కు విషయంలో ఎదురు తిరుగుతుంది. రెండేళ్ల నాలుగు నెలల పాపను ఒక తల్లి తీసుకువచ్చింది. బరువు పదకొండు కిలోలు. బిడ్డ అన్నం ముట్టడం లేదని, చంకల కింద చేయి వేసి ఎత్తుకుంటే ఏడుస్తుందని, జుట్టు ఊడుతోందని చెప్పింది. చూస్తే పెదవుల మూలలు పగిలి, చర్మం పొడిబారి పొట్టు రాలుతోంది. మోకాళ్ల కింది ఎముకలను కాస్త నొక్కితేనే పాప కాలు లాగేసుకుంది. కడుపు తడిమితే కాలేయం పక్కటెముకల కిందికి రెండు వేళ్ల మేర తగిలింది. అంతకుముందు నులిపురుగుల మందు రెండుసార్లు వేయించారట. ఇంట్లో ఏమేం పోస్తున్నారో అన్ని సీసాలూ తెమ్మన్నాను.

రెండు సీసాలు వచ్చాయి. మొదటిది ఆకలి పుట్టిస్తుందని ఇచ్చిన మల్టీవిటమిన్ సిరప్, ఐదు మి.లీ.లో 2,500 యూనిట్ల విటమిన్-ఎ అని లేబులు మీద ఉంది, తల్లి ఉదయం పది, సాయంత్రం పది పోస్తోంది. రోజుకు 10,000. రెండవది మరొక షాపులో చేప కాలేయపు నూనె అని ఇచ్చిన సిరప్, ఐదు మి.లీ.లో 5,000, రోజుకు రెండు పూటలు. మరో 10,000. రోజుకు 20,000 యూనిట్లు, ఐదు నెలలు: అంటే 30 లక్షల యూనిట్లు. ఐదేళ్లలో తొమ్మిది డోసులుగా ఇవ్వవలసిన 17 లక్షలకు దాదాపు రెట్టింపును ఐదు నెలల్లో ఆ చిన్న కాలేయం మోసింది. “బలానికే కదా మేడమ్ తాపించింది” అన్న ఆ తల్లిని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఆకలి తగ్గడమే విటమిన్-ఎ ఎక్కువైందనడానికి ఒక లక్షణమని, ఆ ఆకలి కోసమే మోతాదు పెంచుతూ వచ్చిందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇలాంటి బిడ్డలో తలనొప్పి, వాంతులు కూడా ఉంటే మెదడులో ఒత్తిడి పెరిగిందేమో చూడటానికి కంటి నరాన్ని పరీక్షించాలి. ఈ పాపకు అది బాగానే ఉంది. కాల్షియం, కాలేయ పరీక్షలు కూడా చేయించాము. చాలామంది రక్తంలో రెటినాల్ పరీక్ష అడుగుతారు కానీ, కాలేయం ఆ స్థాయిని గట్టిగా అదుపులో ఉంచుతుంది కాబట్టి నిల్వ పొంగిపొర్లుతున్నా ఆ అంకె మామూలుగా కనిపించవచ్చు. సీసాల లేబుళ్లు చదివి లెక్క కట్టడమే ఎక్కువ నమ్మదగిన పరీక్ష. వైద్యం కూడా అంత సరళమే: రెండు సీసాలూ ఆపేశాము, తరువాతి డోసు వేయవద్దని కార్డు మీద రాశాను. రెండు మూడు వారాల్లో ఆకలి వచ్చింది, జుట్టు పెరగడానికి మాత్రం నెలలు పట్టింది.

లేబుళ్లు చదివేటప్పుడు ఒక చిక్కుంది. కొన్నింటిపై ఐయూలో, అంటే పైన చెప్పిన యూనిట్లలో, మరికొన్నింటిపై మైక్రోగ్రాములలో రాస్తారు. ఒక మైక్రోగ్రాము రెటినాల్ అంటే సుమారు 3.3 ఐయూ. ఒకటి నుండి మూడేళ్ల పిల్లలకు రోజువారీగా రెటినాల్ రూపంలో అందే విటమిన్-ఎకు గరిష్ఠ పరిమితి 600 మైక్రోగ్రాములు, అంటే 2,000 ఐయూ. ఆరోగ్య కేంద్రం ఇచ్చే ఆరు నెలల డోసును ఈ లెక్కతో పోల్చకూడదు, అది అప్పుడప్పుడు నింపే నిల్వ. రోజూ పోసేవాటికే ఈ హద్దు.

డోసులు కూడా రెట్టింపయ్యే మార్గమొకటి వలస కుటుంబాల్లో ఉంది. ఊళ్లో వేసిన డోసు మాతా శిశు కార్డులో ఉంటుంది, ఆ కార్డు అత్తగారింట్లో ఉంటుంది, ఇక్కడ కొత్తగా తాయి కార్డు రాసి మళ్లీ వేస్తారు. ఊళ్లో వేసి ఆరు నెలలు కాకముందే ఇక్కడ వేయించకండి; కార్డు ఫోటోను వాట్సాప్‌లో తెప్పించుకుని తేదీ చూపించండి. ఒక్కసారి అలా రెండు డోసులు దగ్గర దగ్గరగా పడితే చాలామంది పిల్లలకు ఒకటి రెండు రోజుల వాంతులు, చిరాకు తప్ప ఇంకేమీ కాదు, భయపడి రాత్రిపూట పరుగెత్తనక్కర్లేదు. కానీ చిన్న బిడ్డకు నడినెత్తి ఉబ్బినా, మత్తుగా ఉన్నా వెంటనే చూపించాలి. రేచీకటి ఉన్నా, తట్టు సోకినా డాక్టర్లే వరుసగా రెండు రోజులు రెండు డోసులు ఇస్తారు. అది వైద్యం, పొరపాటు కాదు.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. క్యారెట్, బొప్పాయి, మునగాకు, తోటకూర తింటే విటమిన్-ఎ విషమయ్యే అవకాశం లేదు. వాటిలోని కెరోటిన్‌ను శరీరం అవసరమైనంతే మార్చుకుంటుంది, మహా అయితే అరచేతులు పసుపు రంగులోకి మారతాయి. కళ్ల తెల్లగుడ్డు పసుపెక్కకపోతే అది కామెర్లు కాదు. విటమిన్-ఎ కలిపిన పాకెట్ పాలు, నూనెలో ఉండేది చాలా తక్కువ, వాటిని మానేయనవసరం లేదు. జ్వరమో విరేచనాలో ఉన్నాయని డోసు వాయిదా వేయనక్కరలేదు.

ఈ డోసులు ఇంకా అవసరమా అన్న చర్చ పరిశోధకుల్లో ఉన్నమాట నిజమే. 2016–18 జాతీయ పోషకాహార సర్వేలో ఒకటి నుండి నాలుగేళ్ల పిల్లల్లో సుమారు 18 శాతానికి విటమిన్-ఎ లోపం కనిపించింది, పూర్వంతో పోలిస్తే అది తగ్గుదలే. కానీ సగటు లెక్క షెడ్డులో ముద్దా, చారుతో సరిపెట్టుకునే బిడ్డ కంచం గురించి చెప్పదు. అలాంటి బిడ్డకు డోసు వేయించి టానిక్కును ఇంటికి తేకండి. ఇప్పటికే మోతాదు ప్రకారం టానిక్కు పోస్తున్న బిడ్డ అయితే, నర్సుకు సీసా చూపించి, చివరి డోసు వేసిన తేదీ చెప్పి, టానిక్కును ఆపించి డోసు వేయించండి.